గేమ్ వాయిస్ చాట్‌లో మా అబ్బాయికి ఎదురైన వేధింపు: ఫిర్యాదు దాకా మేం ఆధారాలు ఎలా భద్రపరిచామంటే

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఒంగోలులో ఉంటాం. దసరా సెలవుల్లో ఫోన్‌లో నలుగురు జట్టుగా ఆడే ఒక షూటింగ్ ఆటలో, మైక్ ఆన్ చేసి మాట్లాడుకునే చోట, ఎవరో పెద్దవాడు వీడి వెంట పడ్డాడు. మావాడి గొంతు ఇంకా మారలేదు. ఆ సన్నటి గొంతు పట్టుకుని ఎగతాళితో మొదలుపెట్టాడు. తర్వాత అమ్మ బూతులు. ఆ తర్వాత వీడి ఒంటి గురించి నోటితో చెప్పలేని మాటలు, వీడియో కాల్‌కి రమ్మని పోరు. రానంటే "నీ బడి ఏదో నాకు తెలుసు" అని బెదిరింపు. 2025 సెప్టెంబరు 26, శుక్రవారం రాత్రి పిల్లవాడు అన్నం ముందు కూర్చుని ఏడిస్తే మాకు తెలిసింది.

నాకు వచ్చిన కోపానికి ఆ ఆట తీసేసి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేద్దామనిపించింది. మా తమ్ముడు ఆపాడు. వాడు ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తాడు. "అక్కా, ఆట తీసేస్తే వాడెవడో తెలిసే దారి కూడా పోతుంది. ముందు వాడి నంబరు పట్టుకుందాం" అన్నాడు. అక్కడి నుంచి మేం చేసినదంతా వరసగా రాస్తున్నాను. వాయిస్ చాట్‌లో తిడితే చాటింగ్‌లో లాగా అక్షరం మిగలదు, గొంతు గాలిలో కలిసిపోతుంది. అందుకే ఏది దాచాలి, ఎలా దాచాలి అన్నదే ఇక్కడ అసలు పని.

మొదట పట్టుకోవాల్సింది వాడి UID. ఆటలో కనిపించే పేరు ఏ పూటకాపూట మార్చుకోవచ్చు. మావాణ్ణి తిట్టినవాడే రెండు రోజుల్లో రెండు పేర్లు మార్చాడు. UID అనే అంకెల వరస మాత్రం ఆ ఖాతా ఉన్నంతకాలం అదే. ప్రొఫైల్ మీద నొక్కితే పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, పక్కనే కాపీ గుర్తు ఉంటుంది. మేం రెండూ చేశాం: కాపీ చేసి ఫోన్‌లో నోట్స్‌లో అతికించాం, ప్రొఫైల్ మొత్తం స్క్రీన్‌షాట్ కూడా తీశాం. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే తర్వాత అంకెలు చూసి టైపు చేసేటప్పుడు ఒకటి తప్పినా ఇంకెవరి ఖాతానో అవుతుంది. ఒక్క కాపీయే ఉంటే అది ఎక్కణ్ణుంచి తెచ్చామో చూపించలేం. పేరు సంగతైతే చెప్పనక్కర్లేదు. వాళ్లు వాడే వంకర టింకర అక్షరాలు ఏ కీబోర్డులోనూ దొరకవు కాబట్టి దానికి స్క్రీన్‌షాటే గతి.

దీనికి ఆలస్యం పనికిరాదు. ఇటీవల కలిసి ఆడినవాళ్ల జాబితా, మ్యాచ్‌ల చరిత్ర ఎప్పటికీ ఉండిపోవు. కొత్త మ్యాచ్‌లు వచ్చేకొద్దీ పాతవి కిందికి జారి మాయమవుతాయి. పిల్లవాడు ఆ కోపంలో ఇంకో పది ఆటలు ఆడితే చాలు, వాడి పేరు జాబితాలోంచి పోవచ్చు. బ్లాక్ చేయడం కూడా ఇవన్నీ తీశాకే. బ్లాక్ చేస్తే కొన్ని ఆటల్లో వాడి ప్రొఫైల్ మనకి మళ్లీ తెరుచుకోదు. ఆ రాత్రి మేం ప్రొఫైల్, స్నేహితుల జాబితాలో వాడు పంపిన రిక్వెస్టు, గత మ్యాచ్‌లలో వాడు ఉన్న ప్రతి ఫలితాల పేజీ తీసుకున్నాం. ఫలితాల పేజీలో నలుగురి పేర్లూ, ఆట ముగిసిన సమయం ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఫోన్ పైన గడియారం కనిపించేలా చూసుకున్నాం. ఆట తెర నిండా పరుచుకుంటే గడియారం దాక్కుంటుంది. అప్పుడు పై నుంచి వేలితో లాగితే ఒక్క క్షణం కనపడుతుంది.

తర్వాత గొంతు. ఇక్కడే మాకు ఊహించని అడ్డంకి ఎదురైంది. ఆదివారం, 28వ తేదీ రాత్రి మావాడు తన తరగతి స్నేహితులతో ఆడుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. ఆ మనిషి తనంతట తానే మళ్లీ జట్టులోకి దూరాడు. ఫోన్‌లోనే ఉండే స్క్రీన్ రికార్డర్ నడుస్తోంది, శబ్దం దగ్గర Device audio ఎంచుకునే ఉంది. తర్వాత వింటే తుపాకుల మోత, అడుగుల చప్పుడు అన్నీ ఉన్నాయి. మనుషుల గొంతులు మాత్రం లేవు. ఫోన్ పాడయిందేమో అనుకున్నాం. తమ్ముడు వివరించాక అర్థమైంది. ఆండ్రాయిడ్‌లో రికార్డర్‌కి సినిమా, పాట, ఆట శబ్దాలు పట్టుకునే అనుమతి ఉంటుంది. కాల్ మాట్లాడుకునే రకం శబ్దాన్ని ఫోన్ ఇవ్వదు. చాలా ఆటలు వాయిస్ చాట్‌ని ఆ కాల్ రకంగానే నడుపుతాయి. మైక్ ఎంచుకున్నా లాభం ఉండకపోవచ్చు. ఆట మైక్ పట్టుకుని ఉన్నప్పుడు రెండో యాప్‌కి ఫోన్ నిశ్శబ్దమే అందిస్తుంది. అందుకని స్క్రీన్ రికార్డింగ్ చేస్తున్నవాళ్లు ముందే స్నేహితుడితో ఒక నిమిషం మాట్లాడి, గొంతు పడుతోందో లేదో వినిచూసుకోవాలి.

అదృష్టం కొద్దీ తమ్ముడు తన పాత ఫోన్‌తో కూడా వీడియో తీస్తున్నాడు. నిజంగా పనిచేసేది ఇదే: ఇయర్‌ఫోన్లు తీసేసి స్పీకర్ పెట్టడం, రెండో ఫోన్‌తో తెరనీ శబ్దాన్నీ కలిపి తీయడం. ఫ్యాన్ ఆపాలి, టీవీ ఆపాలి. రెండో ఫోన్‌ని జానెడు దూరంలో, స్పీకర్ ఉన్న వైపు పెట్టాలి. ఆటలో శబ్దాల సెట్టింగులకు వెళ్లి తుపాకుల మోత బాగా తగ్గించి, వాయిస్ మాత్రం పూర్తిగా పెంచాలి. ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు పక్కన చిన్న స్పీకర్ గుర్తు మెరుస్తుంది. తెర స్పష్టంగా కనిపిస్తే ఆ గుర్తే ఈ గొంతు ఫలానా పేరువాడిదని చెబుతుంది. ఉత్తి ఆడియో తీస్తే నలుగురిలో ఎవరు అన్నారో తేల్చడం కష్టం. మా వీడియో ఐదు నిమిషాలే. మొదట్లో తమ్ముడు తన చేతి గడియారాన్ని కెమెరాకి చూపించి తేదీ, సమయం పైకి చదివాడు. చివర్లో ఆపకుండా అదే వీడియోలో ఆ మనిషి ప్రొఫైల్ తెరిపించి UID చూపించాడు. పోలీసులు తర్వాత దీన్నే ఎక్కువ మెచ్చుకున్నారు. గొంతు, పేరు, నంబరు మధ్యలో కోత లేకుండా ఒకే ముక్కలో ఉన్నాయి.

అది దొరికాక మావాణ్ణి ఆ ఆటలోకి మళ్లీ పంపలేదు. ఇంకా గట్టి ఆధారం కావాలని పిల్లవాణ్ణి ఎరగా కూర్చోబెట్టడం ఏ తల్లీ తండ్రీ చేయకూడని పని. రికార్డింగ్ దొరకకపోయినా ఫిర్యాదు ఆగదు. విన్న పిల్లవాడి మాట, పక్కన విన్న స్నేహితుడి మాట, ఏ రోజుది ఆ రోజు రాసుకున్న పుస్తకం కూడా సాక్ష్యమే.

ఆ పుస్తకం మాకు ఎంత పనికొచ్చిందో చెప్పాలి. నంబర్లు వేసిన పేజీలున్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాం. ఊడిపోయే కాగితాలు వద్దు, మధ్యలో ఏదో తీసేశారన్న అనుమానం రాకూడదు. ప్రతి ఘటనకూ తేదీ, వారం, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఆ రోజు వాడి పేరు, UID, అన్న మాటలు, ఎవరెవరు విన్నారు, దాచిన ఫైల్ పేరు, మేం ఏం చేశామో రాశాం. తప్పు పోతే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరిచేసి సంతకం పెట్టాం. ఒక రోజు రాసింది ఇలా ఉంది:

"సెప్టెంబరు 28, ఆదివారం. మా ఫోన్ గడియారం ప్రకారం రాత్రి 9:42 నుంచి 9:47. ఒకే మ్యాచ్. UID పై పేజీలో ఉన్నదే, పేరు మారింది, స్క్రీన్‌షాట్ తీశాం. మొదట తిట్టాడు, తర్వాత వీడియో కాల్‌కి రమ్మన్నాడు, రానంటే బడి దగ్గరికి వస్తానన్నాడు. అన్న మాటలు కవరులో. విన్నది: అబ్బాయి, నేను, మా తమ్ముడు, జట్టులో ఉన్న అబ్బాయి స్నేహితులిద్దరు. వీడియో తమ్ముడి పాత ఫోన్‌లో. మేం జవాబు చెప్పలేదు, ఆటలోంచి బయటికొచ్చాం."

సమయం దగ్గర ఒక మెలిక ఉంది. ఆట కంపెనీ పంపే ఈమెయిళ్లలో, కొన్ని ఆటల తెరల మీద సమయం UTCలో ఉంటుంది. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. రాత్రి 9:42 అక్కడ సాయంత్రం 4:12 అని ఉంటుంది. అర్ధరాత్రి దాటాక జరిగిన వాటికైతే తేదీయే మారిపోతుంది. అందుకే ప్రతిచోటా "మా ఫోన్ గడియారం" అని రాశాం. ఆ సమయానికి ఆ ఖాతా ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి నడిచిందో కంపెనీని అడగాల్సింది పోలీసులు. సమయం తప్పితే జవాబు కూడా తప్పుతుంది.

కవరు సంగతి. "బూతులు తిట్టాడు, అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే చట్టానికి ఏమీ తెలియదు. ఉన్న మాట ఉన్నట్టే కావాలి, ఎందుకంటే తిట్టు వేరు, బెదిరింపు వేరు, లైంగికమైన మాట వేరు, ఒక్కోదానికి ఒక్కో సెక్షన్. కానీ ఆ మాటలు తల్లి ముందు చెప్పమంటే పిల్లవాడు ఎలా చెబుతాడు? మావాడు తల దించుకుని గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. నాకు గుండె తరుక్కుపోయింది. చివరికి మా తమ్ముడు వాణ్ణి డాబా మీదికి తీసుకెళ్లి, కాగితం, పెన్ను ఇచ్చి, "నువ్వు విన్నది విన్నట్టు రాయి అల్లుడూ, నేను చదవను, మీ అమ్మ చదవదు, కవరులో పెట్టేద్దాం" అన్నాడు. వాడే రాశాడు, కవరులో పెట్టి అంటించాడు, పైన తేదీ వేసి సంతకం చేశాడు. మేం "ఇలా అన్నాడా, అలా అన్నాడా" అని మాటలు అందించలేదు. అందిస్తే పిల్లలు మన మాటే తిరిగి చెబుతారు, తర్వాత అది నిలవదు. రాసి వచ్చాక వాడు కొంచెం తేలికపడ్డట్టు అనిపించింది, ఆ రాత్రి అన్నం తిన్నాడు.

ఇక ఫైళ్లు. వాట్సాప్‌లో వీడియోలాగా పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన సమయం లాంటి వివరాలు రాలిపోతాయి. తమ్ముడు కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అసలు వీడియో ఫోన్‌లోనే ఉంచేశాం. కత్తిరించలేదు, పేరు మార్చలేదు. ఆ ఫోన్‌లో ఖాళీ కోసం ఫైళ్లను తుడిచేసే యాప్ ఉంటే ఆపేశాం. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఒక్క వరస కొట్టాడు:

```
certutil -hashfile VID_20250928_214108.mp4 SHA256
```

అరవై నాలుగు అక్షరాల పొడుగు వరస వచ్చింది. దాన్ని హాష్ అంటారు. వీడియోలో ఒక్క చుక్క మారినా ఈ వరస పూర్తిగా మారిపోతుంది, కాబట్టి ఆ రోజు నుంచి ఫైల్‌ని ఎవరూ ముట్టుకోలేదని చూపించడానికి ఇదే దారి. దాన్ని పుస్తకంలో చేత్తో రాయడం తలనొప్పి. ప్రింటు తీసి అంటించి పక్కన సంతకం పెట్టాం.

29న, సోమవారం రెండు చోట్ల ఫిర్యాదు పెట్టాం. ఒకటి ఆట కంపెనీకి. ఆట లోపల ఫలితాల పేజీలో ఉండే రిపోర్ట్ బటన్ నొక్కాం, అక్కడ కారణం ఎంచుకోవడమే తప్ప వివరం రాసే చోటు చాలదు. అందుకని వాళ్ల వెబ్‌సైటులో అడుగున ఉండే ఫిర్యాదుల అధికారి ఈమెయిల్‌కి కూడా రాశాం. మన ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. ఈమెయిల్‌లో కోపమేమీ రాయలేదు. పిల్లవాడి వయసు, ఇద్దరి UIDలు, తేదీలు, సమయాలు, ఆ ఖాతా నమోదు వివరాలు, లాగిన్ వివరాలు పోలీసుల కోసం చెరపకుండా ఉంచమన్న విన్నపం, అంతే. వీడియో జతచేయలేదు, అది పోలీసుల దగ్గరే ఉండాలి. టికెట్ నంబరుతో జవాబు మర్నాడే వచ్చింది. ఆ తర్వాత అక్టోబరు 9న, ఖాతాను శాశ్వతంగా మూసేశామని ఒక చిన్న ముక్క.

రెండోది cybercrime.gov.in. ఆడవాళ్లు, పిల్లలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. అలా చేస్తే తర్వాత దాని గతి ఏమైందో తెలుసుకోలేం. మేం ఫోన్ నంబరుకి ఓటీపీ వచ్చే పద్ధతి ఎంచుకున్నాం. వివరం రాసే పెట్టె కొన్ని గుర్తుల్ని ఒప్పుకోదు. ఆ మనిషి పేరులోని వంకర అక్షరాలు అందులో పట్టవు. పేరు వదిలేసి UID రాసి, పేరు స్క్రీన్‌షాట్‌లో ఉందని చెప్పాం. పెద్ద వీడియో ఎక్కదు, స్క్రీన్‌షాట్లు మాత్రం ఎక్కించి, వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తామని రాశాం. చివర్లో వచ్చే నంబరు పుస్తకంలో ఎక్కించాం.

తర్వాత ఎదురుచూపులు. ఫోన్ మోగితే పోలీసులేమో అని ఉలిక్కిపడటం, కాకపోతే నీరుగారిపోవడం. మావాడు ఆ రోజుల్లో బయటికి వెళ్లేటప్పుడు రోడ్డు అటూ ఇటూ చూసేవాడు. పండగ వెళ్లినా ఎవరూ పిలవకపోయేసరికి, అక్టోబరు 4న శనివారం మేమే మా పరిధిలోని స్టేషన్‌కి వెళ్లాం. ముందు కలిసిన కానిస్టేబుల్ "ఆటల్లో పిల్లలు తిట్టుకోవడం మామూలేనమ్మా, ఫోన్ తీసేసుకోండి" అన్నాడు. వాదించకుండా పుస్తకం ఆయన ముందు పెట్టాను. తేదీలు చూసి లోపలికి, ఎస్సై మేడమ్ దగ్గరికి పంపాడు.

ఆవిడ కవరు తెరిచి చదివారు. మొహం మారిపోయింది. "పిల్లవాడి వయసు రుజువు తెచ్చారా?" అని అడిగారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్స్ ఫైల్లోనే ఉంది. పోక్సో చట్టం ఆడపిల్లలకే అనుకుంటారు చాలామంది, నాతో సహా మా ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. పద్దెనిమిది నిండని ఎవరికైనా వర్తిస్తుంది, మగపిల్లలకు కూడా. లైంగిక ఉద్దేశంతో మాట అనడమే కాదు, ఇంటర్నెట్ ద్వారా పిల్లల వెంట పదే పదే పడటం కూడా అందులో 11వ సెక్షన్ కిందికి వస్తుంది, 12వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా శిక్ష. ఆ "పదే పదే" అన్నదాన్ని చూపించేది వీడియో కాదు, పుస్తకంలోని తేదీలు. బెదిరింపుకి భారతీయ న్యాయ సంహితలోని 351 కలిపారు. 6న, సోమవారం ఎఫ్‌ఐఆర్ అయింది. దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు.

పిల్లవాడి వాంగ్మూలానికి స్టేషన్‌కి తీసుకురానక్కర్లేదని ఆవిడే చెప్పారు. మర్నాడు సాయంత్రం మామూలు చీరలో ఇంటికొచ్చారు. యూనిఫాం వేసుకోకూడదని చట్టంలోనే ఉంది. మావాడి పక్కన మా తమ్ముణ్ణి కూర్చోమని, నన్ను వంటింట్లో ఉండమని మావాడే అడిగాడు. ఆవిడ సరేనన్నారు. నాకు లోపల ఉండబుద్ధి కాలేదు గానీ వాడి ఇష్టమే ముఖ్యం.

వీడియో తీసిన పాత ఫోన్‌ని రసీదు రాసి తీసుకెళ్లారు. అసలు వీడియో ఏ పరికరంలో పుట్టిందో ఆ పరికరం పరీక్షకు వెళ్లాలి. ఇది ముందే తెలిస్తే మంచిది: రోజూ వాడే ఫోన్‌తో తీస్తే అది నెలల తరబడి మన చేతికి రాదు, బ్యాంకు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆగిపోతాయి. ఇవ్వబోయే ముందు దాని ఐఎంఈఐ నంబరు రసీదు మీద ఉందో లేదో చూసుకోవాలి. *#06# కొడితే తెర మీద వస్తుంది. పెన్‌డ్రైవ్‌కి మాత్రం సర్టిఫికెట్ కావాలన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ అది. దాని నమూనాలో రెండు భాగాలున్నాయి. మొదటిది పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపాలి, తమ్ముడు నింపి సంతకం చేశాడు. రెండోది నిపుణుడు నింపాలి, అది వాళ్ల వైపు నుంచి చూసుకుంటామన్నారు. హాష్ రాయడానికి అందులో ప్రత్యేకంగా చోటుంది. మా పుస్తకంలో అప్పటికే అంటించి ఉండటంతో దాన్నే చూసి రాశారు.

ఖర్చు పెద్దగా ఏమీ కాలేదు. పెన్‌డ్రైవ్‌లు రెండు, కలర్ ప్రింట్లు, జిరాక్సులు, పుస్తకం, ఆటోలు అన్నీ కలిపి 1,500 రూపాయల లోపే. తమ్ముడి పాత ఫోన్ ఇంకా రాలేదు.

నవంబరు చివరి దాకా సంగతి ఇది: ఆ UID వివరాల కోసం పోలీసులు కంపెనీకి రాశారు, జవాబు కోసం చూస్తున్నారు. ఖాతా రద్దయ్యాక కూడా నమోదు వివరాల్ని 180 రోజులు దాచాలని ఐటీ నిబంధనల్లో ఉంది. అక్టోబరు 9న మూసేశారు కాబట్టి ఆ గడువు ఏప్రిల్ 7తో ముగుస్తుంది. ఆ తేదీ రాసి, కంపెనీ ఈమెయిల్ ప్రింటు జతచేసి, ఈలోపే జవాబు తెప్పించమని మేడమ్‌కి ఒక అర్జీ ఇచ్చాను. రెండో ప్రతి మీద తేదీతో స్టేషన్ ముద్ర వేయించుకుని పుస్తకంలో చివరి పేజీలో అంటించాను.